మోషన్ బ్లర్, డెప్త్ ఆఫ్ ఫీల్డ్, ఫిల్మ్ గ్రెయిన్: ఏది ఆపితే నిజంగా ఎఫ్‌పీఎస్ పెరుగుతుంది?

గేమ్ ల్యాగ్ అవుతోందని ఎక్కడ అడిగినా మొదట దొరికే సలహా ఒకటే. సెట్టింగ్స్‌లోకి పోయి మోషన్ బ్లర్, డెప్త్ ఆఫ్ ఫీల్డ్, ఫిల్మ్ గ్రెయిన్ మూడూ ఆఫ్ చేసేయ్, అంతా స్మూత్ అయిపోతుంది అంటారు. ఇంకో వర్గం ఉంది, వాళ్ళు పెద్ద గ్రాఫిక్స్ కార్డు మీద టెస్ట్ చేసిన వీడియో చూపించి, ఆన్‌లో పెట్టినా ఆఫ్‌లో పెట్టినా తేడా రెండు మూడు ఫ్రేములే, ఊరికే గొడవ అంటారు. తిరుపతిలో మా వీధి చుట్టూ హాస్టళ్ళే, ఇంజినీరింగ్ పిల్లలు ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చి అడిగేది కూడా ఇదే. "అన్నా, అన్నీ ఆపేసినా కూడా ఏం పెరగలా" అని ఒకడు, "ఒక్క డెప్త్ ఆఫ్ ఫీల్డ్ తీసేస్తే గేమ్ ఎగిరిపోతాండాదన్నా" అని ఇంకొకడు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు. ఇద్దరి మెషీన్లు వేరు, ఇద్దరూ కొలిచిన చోటు వేరు, అంతే.

ముందు ఎఫ్‌పీఎస్, అంటే సెకనుకి ఎన్ని ఫ్రేములు వస్తున్నాయనే లెక్కని కాసేపు పక్కన పెట్టాలి, ఎందుకంటే అది మోసం చేస్తుంది. 60 ఎఫ్‌పీఎస్ అంటే ఒక్కో ఫ్రేముకి 16.7 మిల్లీసెకన్లు, 30 అంటే 33.3 మిల్లీసెకన్లు, 120 అంటే 8.3. ఒక ఎఫెక్ట్ ఖరీదు ఎప్పుడూ మిల్లీసెకన్లలోనే ఉంటుంది. ఏదో ఎఫెక్ట్ 1.5 మిల్లీసెకన్లు తింటోందని అనుకుందాం. గేమ్ 40 ఎఫ్‌పీఎస్‌తో నడుస్తుంటే ఫ్రేముకి 25 మిల్లీసెకన్లు పడుతున్నట్టు, దాంట్లోంచి 1.5 తీసేస్తే 23.5, అంటే దాదాపు 42.5 ఎఫ్‌పీఎస్. అదే గేమ్ 120తో నడుస్తుంటే అదే 1.5 తీసేస్తే 146 దాటుతుంది. ఒకడికి రెండున్నర పెరిగింది, ఇంకొకడికి ఇరవై ఆరు పెరిగింది, ఎఫెక్ట్ మాత్రం ఇద్దరి దగ్గరా తిన్నది అంతే. కాబట్టి ఎవరైనా "నాకు పది ఎఫ్‌పీఎస్ పెరిగింది" అన్నప్పుడు ఎంత నుంచి ఎంతకి అని అడగకపోతే ఆ మాటకి అర్థం లేదు.

ఈ మూడింటినీ పోస్ట్ ప్రాసెసింగ్ అంటారు, ఎందుకంటే గేమ్ తన సీన్ అంతా గీసేసి, లైటింగ్ వేసేసిన తర్వాత, తయారైన బొమ్మ మీద చేసే పని ఇది. అక్కడ చెట్లు ఎన్ని, శత్రువులు ఎంతమంది అన్నదానితో దీనికి పెద్దగా సంబంధం ఉండదు. దీనికి కనిపించేది ఒక బొమ్మ, దాని పక్కన ఏ పిక్సెల్ ఎంత దూరంలో ఉందో చెప్పే డెప్త్ పటం, ఏ పిక్సెల్ ఎటు కదులుతోందో చెప్పే వెలాసిటీ పటం. వీటిని మెమరీ నుంచి చదవడం, ఏదో లెక్క వేయడం, మళ్ళీ మెమరీలో రాయడం. ఇలా స్క్రీన్ మొత్తాన్ని ఒకసారి చదివి రాసే పనిని ఒక పాస్ అంటారు. ఖర్చంతా ఈ చదవడం రాయడంలోనే ఎక్కువ, అందుకే మీ గ్రాఫిక్స్‌కి మెమరీ ఎంత వేగంగా అందుతుందన్నదే ఇక్కడ అసలు ప్రశ్న.

దీన్ని అంకెల్లో చూద్దాం, ఒక్క లెక్కే. 1080పీ అంటే 1920 × 1080, అంటే 20,73,600 పిక్సెళ్ళు. ఫైనల్ రంగుగా మారక ముందు బొమ్మని చాలా ఇంజిన్లు పిక్సెల్‌కి 8 బైట్లలో దాచుకుంటాయి. అంటే ఒక్క బొమ్మ బరువు 16.6 మెగాబైట్లు. ఒకసారి చదివి ఒకసారి రాస్తే 33 మెగాబైట్ల పైచిలుకు. ఇప్పుడు ఆర్‌టీఎక్స్ 3060 డెస్క్‌టాప్ కార్డు 12 జీబీ రకం తీసుకుంటే దాని మెమరీ సెకనుకి 360 గిగాబైట్లు అందిస్తుంది, కాబట్టి ఈ పాస్‌కి పట్టేది దాదాపు 0.09 మిల్లీసెకను. విడి గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్ తీసుకోండి, మన దగ్గర పిల్లల చేతుల్లో ఎక్కువగా కనిపించేది అదే, లోపల 8 జీబీ డీడీఆర్4-3200 ర్యామ్ ఒకే స్టిక్, రెండో స్లాట్ ఖాళీ. ఒక్క స్టిక్ కాగితం మీద ఇచ్చేది సెకనుకి 25.6 గిగాబైట్లు, అది కూడా ప్రాసెసర్‌తో పంచుకోవాలి. అదే పాస్‌కి అక్కడ 1.3 మిల్లీసెకన్లు. పద్నాలుగు రెట్లు! క్యాష్ మెమరీ కొంత ఆదుకుంటుంది, ఇంజిన్లు చిన్న ఫార్మాట్లు వాడి కొంత తగ్గిస్తాయి, కాబట్టి ఇది తూకం వేసినంత కచ్చితమైన లెక్క కాదు, కానీ తేడా ఏ స్థాయిలో ఉందో దీంతో తెలిసిపోతుంది.

ఒక ఎఫెక్ట్ మొత్తం మీద మూడు ఫుల్ స్క్రీన్ పాస్‌లంత మెమరీ వాడుతుందని అనుకోండి. 3060 మీద 100 ఎఫ్‌పీఎస్ వస్తుంటే, 10 మిల్లీసెకన్లలో 0.3 మిగిలి 103 అవుతుంది. ఒంటి స్టిక్ ల్యాప్‌టాప్ మీద 30 ఎఫ్‌పీఎస్ వస్తుంటే 33.3లో దాదాపు 4 మిగిలి 34 అవుతుంది. రెండు చోట్లా పెరిగింది మూడు నాలుగు ఎఫ్‌పీఎస్సే కదా అనిపిస్తుంది, కానీ మొదటివాడికి అది మూడు శాతం, రెండోవాడికి పదమూడు శాతం. 30కి అటూ ఇటూ ఊగే గేమ్‌లో ఆ నాలుగు మిల్లీసెకన్లే ఆడగలగడానికీ విసుగెత్తి మూసేయడానికీ మధ్య తేడా. వీడియోలో పెద్ద కార్డు మీద చూసిన ఫలితాన్ని మన ల్యాప్‌టాప్‌కి అంటగట్టకూడదనేది అందుకే.

ఇక్కడే ఇంకో మాట. అలాంటి ల్యాప్‌టాప్‌లో రెండో స్లాట్ ఉంటే, అందులో అదే వేగం ఉన్న ఇంకో స్టిక్ వేస్తే బ్యాండ్‌విడ్త్ 51.2 గిగాబైట్లు అవుతుంది, పైన చెప్పిన 1.3 కాస్తా 0.65 అవుతుంది. పోస్ట్ ప్రాసెసింగ్ ఒక్కటే కాదు, గ్రాఫిక్స్ పని మొత్తం బాగుపడుతుంది. సెట్టింగ్స్‌తో నెలల తరబడి కుస్తీ పట్టే ముందు టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబ్ తెరిచి, మెమరీ దగ్గర ఎన్ని స్లాట్లు వాడుతున్నారో చూసుకోండి. కొన్ని మోడళ్ళలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, వాటికి ఈ దారి లేదు.

సరే, ఇప్పుడు మూడింటినీ విడివిడిగా చూద్దాం. అందరూ ఎక్కువగా తిట్టేది మోషన్ బ్లర్‌ని, కాబట్టి దాంతోనే మొదలు.

తిరుమల ఘాట్ రోడ్డులో బస్సు కిటికీలోంచి ఫోన్‌తో ఫోటో తీస్తే పక్కనే ఉన్న పిట్టగోడ గీతలు గీతలుగా పడుతుంది, దూరపు కొండ మాత్రం చక్కగా నిలబడి ఉంటుంది. షటర్ తెరిచి ఉన్న ఆ కాస్త సమయంలో గోడ ఫోటోలో ఎంతో దూరం జరిగిపోయింది, కొండ దాదాపు జరగలేదు. గేమ్ ఇంజిన్‌కి షటర్ ఉండదు, అది గీసే ప్రతి ఫ్రేమూ ఒక్క క్షణంలో గడ్డకట్టిన బొమ్మ. కాబట్టి అది వెలాసిటీ పటం చూసి, ప్రతి పిక్సెల్‌ని అది కదులుతున్న దిశలో అలుకుతుంది. ఇప్పుడు వాడుకలో ఉన్న పద్ధతుల్లో చాలా వాటికి మూలం 2012లో మోర్గన్ మెక్‌గ్వైర్ బృందం ప్రచురించిన పద్ధతి. స్క్రీన్‌ని చిన్న చిన్న గళ్ళుగా విడగొట్టి, ఒక్కో గడిలో ఎక్కువ వేగం ఎంతో కనుక్కుని, పక్క గళ్ళ వేగం కూడా చూసి, ఆ తర్వాత ఆ దిశలో కొన్ని చోట్ల రంగులు ఏరి కలుపుతుంది. ఇందులో ఒక తెలివైన ఏర్పాటుంది, గడిలోనూ పక్క గళ్ళలోనూ కదలిక లేకపోతే ఆ గడికి ఏ పనీ చేయకుండా వదిలేయవచ్చు.

ఈ ఒక్క విషయం తెలియక చాలామంది టెస్టులు పాడవుతున్నాయి. గేమ్ తెరిచి, పాత్రని ఒకచోట నిలబెట్టి, మోషన్ బ్లర్ ఆన్ ఆఫ్ చేసి చూసి, తేడా లేదని రాస్తారు. నిలబడి ఉంటే కదలికే లేదు, ఇంక దానికి పనేముంది? కెమెరాని గిర్రున తిప్పినప్పుడు స్క్రీన్ మొత్తం కదులుతుంది, అన్ని గళ్ళకీ పూర్తి పని పడుతుంది, ఖర్చు అప్పుడు బయటపడుతుంది. అంటే మనకి స్మూత్‌నెస్ ఎక్కువగా కావలసిన క్షణంలోనే అది ఎక్కువ తింటుంది. సగటు ఎఫ్‌పీఎస్‌లో ఇది కనిపించదు, ఫ్రేమ్ టైమ్ గ్రాఫ్‌లో తిప్పిన ప్రతిసారీ చిన్న గుట్టలా లేస్తుంది.

ఆపితే వెలాసిటీ పటం తయారుచేసే ఖర్చు కూడా మిగులుతుందని అనుకునేవాళ్ళున్నారు. మిగలదు. అంచుల గరుకుని నునుపు చేసే టీఏఏ, తక్కువ రిజల్యూషన్‌లో గీసిన బొమ్మని తెర సైజుకి పెంచే, అంటే అప్‌స్కేలింగ్ చేసే డీఎల్ఎస్ఎస్, ఎఫ్ఎస్ఆర్ 2 లాంటివన్నీ అదే పటం మీద ఆధారపడతాయి, కాబట్టి అవి నడుస్తున్నంతసేపూ ఆ పటం తయారవుతూనే ఉంటుంది. మోషన్ బ్లర్ వల్ల ఇన్‌పుట్ ల్యాగ్ పెరుగుతుందనే మాట కూడా ఇప్పటి పద్ధతికి పెద్దగా వర్తించదు. పాత ఫ్రేములని కొత్తదానితో కలిపే పాత పద్ధతిలో వెనక నీడలు ఈడ్చుకుంటూ వచ్చేవి. ఇప్పటిది ఉన్న ఒక్క ఫ్రేమ్ మీదే పనిచేస్తుంది, అది జోడించే ఆలస్యం దాని మిల్లీసెకన్ల మేరకే.

మరి ఉంచాలా, తీసేయాలా? ఇది ఖర్చు కంటే మీ ఎఫ్‌పీఎస్ మీద ఎక్కువ ఆధారపడే విషయం. కెమెరా తిప్పినప్పుడు స్క్రీన్ వెడల్పంతా ఒక సెకనులో జరిగిపోయిందని అనుకుంటే, 30 ఎఫ్‌పీఎస్‌లో ఒక్కో ఫ్రేముకీ బొమ్మ 64 పిక్సెళ్ళు దూకుతుంది, 60లో 32, 120లో 16. ఆ 64 పిక్సెళ్ళ దూకుడు కంటికి కుదుపులా తగులుతుంది, అలికితే కుదుపు కొంత మెత్తబడుతుంది. సినిమా కెమెరా అలవాటు ప్రకారం ఫ్రేమ్ సమయంలో సగం సేపు షటర్ తెరిచినట్టు లెక్క వేస్తే, 30లో అలికే పొడవు 32 పిక్సెళ్ళు, 120లో 8 మాత్రమే. 120 దగ్గర అది దాచాల్సిన కుదుపే చిన్నది, పైగా కదులుతున్న వస్తువుని కన్ను వెంబడిస్తున్నప్పుడు ఎల్‌సీడీ తెర ఎలాగూ కొంత మసక చూపిస్తుంది, దాని మీద ఇంకో మసక ఎందుకు? షూటర్లలో అయితే ఇది మరీ చికాకు, మీ కన్ను శత్రువు మీద ఉంటుంది, మీరు కెమెరా తిప్పుతుంటారు, గేమ్ ఆ శత్రువు వెనకున్న ప్రపంచాన్నంతా అలికేస్తుంది, తలుపు దగ్గర ఇంకొకడు ఉన్నాడో లేడో తెలియదు.

కాబట్టి నా పద్ధతి ఇది. 30 ఎఫ్‌పీఎస్‌కి లాక్ చేసి కథ గేమ్ ఆడుతుంటే, బలం స్లైడర్ ఉంటే సగానికంటే తక్కువలో పెట్టి ఉంచుకోండి. కొన్ని గేముల్లో వస్తువుల మోషన్ బ్లర్ వేరుగా, కెమెరాది వేరుగా ఉంటుంది, అలా ఉంటే కెమెరాది ఆపి వస్తువులది ఉంచితే కత్తి వేటు, కారు చక్రం బాగుంటాయి, మీ చూపు చెడదు. 60 దాటి నిలకడగా వస్తుంటే, పోటీ గేమ్ అయితే, ఆలోచించకుండా తీసేయండి. ఎఫ్‌పీఎస్ ఊగిసలాడుతుంటే మాత్రం ఇది ఒక కొత్త తలనొప్పి తెస్తుంది. చాలా ఇంజిన్లు అలికే పొడవుని ఫ్రేమ్ సమయానికి తగ్గట్టు లెక్క వేస్తాయి, అందుకే 60 నుంచి 35కి పడిపోయిన క్షణంలో మసక కూడా దాదాపు రెట్టింపవుతుంది, ఆ కుదుపు రెండింతలు బాగా కనపడుతుంది.

డెప్త్ ఆఫ్ ఫీల్డ్ దగ్గరికి వద్దాం. నా లెక్కలో ఈ మూడింట్లో నిజంగా జాగ్రత్తగా చూడాల్సింది ఇదే. ఇంజిన్ డెప్త్ పటం చూసి, ఫోకస్ ఉన్న దూరం నుంచి ప్రతి పిక్సెల్ ఎంత ముందో ఎంత వెనకో లెక్కకట్టి, ఆ పిక్సెల్‌ని ఎంత పెద్ద గుండ్రటి చుక్కగా పరచాలో నిర్ణయిస్తుంది. చిక్కంతా ఆ గుండ్రంలో ఉంది. మోషన్ బ్లర్ ఒక గీత వెంట మాత్రమే రంగులు ఏరుతుంది, ఇది చుట్టూ ఒక వలయమంతా ఏరాలి. మసక వ్యాసార్థం 10 పిక్సెళ్ళయితే ఆ వలయంలో 314 దాకా పిక్సెళ్ళుంటాయి, 20 అయితే 1,250 పైన. వ్యాసార్థం రెట్టింపైతే పని నాలుగింతలన్నమాట. అన్నీ ఏరితే ఏ కార్డూ తట్టుకోదు కాబట్టి, కొన్ని చుక్కలే ఏరడం, సగం రిజల్యూషన్‌లో చేయడం, ముందున్న మసకనీ వెనకున్న మసకనీ విడదీసి చివర్లో కలపడం, ఇలా రకరకాల సర్దుబాట్లు చేస్తారు. 2010లో వచ్చిన మెట్రో 2033లో డైరెక్ట్ ఎక్స్ 11తో అడ్వాన్స్‌డ్ డెప్త్ ఆఫ్ ఫీల్డ్ అనే ఆప్షన్ ఒకటి ఉండేది, అప్పటి మంచి మంచి కార్డులని కూడా అది ఏడిపించింది.

దీని ఖర్చు సీన్‌ని బట్టి మారిపోతుంది. మామూలుగా నడుస్తుంటే చాలా గేముల్లో అసలు పని చేయదు, లేదా దూరపు కొండల మీద కొద్దిగా పనిచేస్తుంది. తుపాకీ గురిపెట్టినప్పుడు, ఎవరితోనైనా మాటలు మొదలైనప్పుడు, స్క్రీన్‌లో ముప్పావు భాగం పెద్ద వ్యాసార్థంతో మసకబారుతుంది, ఫ్రేమ్ టైమ్ ఒక్కసారి లేస్తుంది. బెంచ్‌మార్క్ నడిపితే సగటులో ఇది కలిసిపోయి చిన్నదిగా కనిపిస్తుంది. మీకు మాత్రం గురిపెట్టిన ప్రతిసారీ గేమ్ బరువెక్కినట్టు అనిపిస్తుంది, కారణం తెలియదు. అనుమానం తీర్చుకోవడం సులువే. ఒకేచోట నిలబడి, ఒకే గోడ వైపు గురిపెట్టి వదలండి, పెట్టి వదలండి, ఫ్రేమ్ టైమ్ అంకె చూడండి. గురిపెట్టినప్పుడు మాత్రమే లేచి, ఎఫెక్ట్ ఆపాక లేవకపోతే దొంగ దొరికినట్టే. కట్‌సీన్లలో మాత్రం తొందరపడి దీన్నే తిట్టొద్దు, అక్కడ జుట్టు, చర్మం, లైటింగ్ కూడా మామూలు ఆట కంటే మెరుగైన స్థాయిలో గీసే గేములున్నాయి.

దీన్ని పూర్తిగా ఆపడం కంటే ఒకటి రెండు మెట్లు దించడం మంచిదని నా అభిప్రాయం, గేమ్ అలాంటి మెట్లు ఇస్తే. మాటల సీన్లలో కళాకారులు ఆ మసక ఉంటుందనే నమ్మకంతోనే వెనక దృశ్యాన్ని అమర్చుతారు, అది తీసేస్తే వెనక తక్కువ వివరంతో పెట్టిన మనుషులు, గట్టి అంచుల చెట్లు బయటపడతాయి. కింది మెట్టులో చుక్కలు తక్కువ ఏరుతుంది కాబట్టి మసక కొంచెం రవ్వరవ్వగా, జుట్టు చుట్టూ అంచు కొంచెం చెదిరినట్టుగా ఉంటుంది, అది భరించొచ్చు. ఆట మధ్యలో దూరాన్ని మసకబార్చే రకం అయితే, వేరుగా ఆపే వీలుంటే ఆపేయండి. కన్ను ఎక్కడ చూస్తోందో గేమ్‌కి తెలియదు, స్క్రీన్ మధ్యలో ఉన్నదానికే ఫోకస్ పెడుతుంది, మీరు మూలన చూస్తుంటారు.

ఫిల్మ్ గ్రెయిన్‌కి అంత చర్చ అక్కర్లేదు. చివర్లో రంగులు సర్దే పాస్ ఎలాగూ ఉంటుంది, దాంట్లోనే ప్రతి పిక్సెల్‌కి కొద్దిగా నలుసు కలుపుతారు. సాధారణంగా కొత్త పాస్ అక్కర్లేదు, బొమ్మని మళ్ళీ చదవక్కర్లేదు. అంచులు చీకటి చేసే విగ్నెట్ కూడా ఇంతే. కాబట్టి ఎఫ్‌పీఎస్ కోసం గ్రెయిన్ ఆపడం అంటే వృథా ప్రయాస, ఒంటి స్టిక్ ల్యాప్‌టాప్ మీద కూడా కొలిస్తే అందేంత తేడా రావడం కష్టం. ఉంచాలా వద్దా అన్నది పూర్తిగా కంటి విషయం. దానికొక ఉపయోగం కూడా ఉంది, రాత్రి ఆకాశం, పొగమంచు ఉన్న సీన్లలో 8 బిట్ రంగుకి మెట్లు సరిపోక పట్టీలు పట్టీలుగా కనపడతాయి, చవక తెరల మీద ఇంకా ఎక్కువ. కొద్దిపాటి గ్రెయిన్ ఆ పట్టీలని చెదరగొట్టి దాచేస్తుంది.

కానీ రెండు చోట్ల మాత్రం దీన్ని తప్పక ఆపాలి. ఒకటి, మీరు గేమ్ లోపలి ఎఫ్ఎస్ఆర్ కాకుండా గ్రాఫిక్స్ డ్రైవర్ ఇచ్చే అప్‌స్కేలింగ్ వాడుతుంటే, లేదా తెర కంటే తక్కువ రిజల్యూషన్ పెట్టి తెరకే సాగదీయమని వదిలేస్తే. అవి పూర్తయిన బొమ్మని, అంటే గ్రెయిన్ కూడా పడిపోయిన బొమ్మని, పెద్దది చేస్తాయి. నలుసులు లావెక్కుతాయి, పైన షార్ప్‌నింగ్ కూడా ఉంటే ఇసుక చల్లినట్టు తయారవుతుంది. రెండోది, ఆటని రికార్డ్ చేసి యూట్యూబ్‌లో పెట్టేవాళ్ళు. ప్రతి ఫ్రేమ్‌లోనూ మారిపోయే నలుసుని కంప్రెస్ చేయడం ఎన్‌కోడర్‌కి గగనం, ఉన్న బిట్‌రేట్ అంతా దానికే పోయి మనుషుల ముఖాలు ముక్కలుముక్కలుగా వస్తాయి.

అప్‌స్కేలింగ్ మాట వచ్చింది కాబట్టి, ఈ మధ్య లెక్కలన్నీ తారుమారు చేసింది అదే. ఎఫ్ఎస్ఆర్ 2 పెర్ఫార్మెన్స్ మోడ్‌లో 1080పీ తెరకి గేమ్ లోపల 960 × 540లో గీస్తుంది, అంటే పిక్సెళ్ళలో నాలుగో వంతు. సీన్ గీసే ఖర్చు బాగా పడిపోతుంది. అయితే మోషన్ బ్లర్, గ్రెయిన్ లాంటివి అప్‌స్కేలింగ్ అయిపోయాక చేయాలనేది దాన్ని తయారుచేసినవాళ్ళు ఇచ్చిన పద్ధతి, అలా పాటించే గేముల్లో ఆ పనులు ఇప్పటికీ పూర్తి 1080పీలోనే నడుస్తాయి. వాటి ఖర్చు పైసా తగ్గదు.

ఒక ఉదాహరణ వేసుకుందాం, అంకెలు అర్థం కావడానికి ఊహించినవి. మన ఒంటి స్టిక్ ల్యాప్‌టాప్‌లో 1080పీలో ఫ్రేముకి 40 మిల్లీసెకన్లు, అంటే 25 ఎఫ్‌పీఎస్. దాంట్లో సీన్‌కి 34, పూర్తి రిజల్యూషన్‌లో నడిచే పోస్ట్ ప్రాసెసింగ్‌కి 6, ఆ ఆరులో మోషన్ బ్లర్‌ది 3. ఇప్పుడు మోషన్ బ్లర్ ఆపితే 37 మిల్లీసెకన్లు, 27 ఎఫ్‌పీఎస్, రెండే పెరిగాయి, వదిలేయొచ్చు అనిపిస్తుంది. మళ్ళీ ఆన్ చేసి ఎఫ్ఎస్ఆర్ పెర్ఫార్మెన్స్ పెట్టండి. సీన్ 34 నుంచి 14కి దిగింది, అప్‌స్కేలర్ తన కూలి కింద 4 తీసుకుంది, పోస్ట్ ప్రాసెసింగ్ 6 అలాగే ఉంది. మొత్తం 24, దాదాపు 42 ఎఫ్‌పీఎస్. ఇప్పుడు మోషన్ బ్లర్ ఆపితే 21 మిల్లీసెకన్లు, 47 పైన! ముందు ఎఫ్‌పీఎస్‌ని ఎనిమిది శాతం పెంచిన అదే స్విచ్ ఇప్పుడు పద్నాలుగు శాతం పెంచింది. ఎఫ్ఎస్ఆర్ పెట్టినా అనుకున్నంత పెరగలేదని బాధపడేవాళ్ళు మొదట చూడాల్సిన చోటు ఇదే. డెప్త్ ఆఫ్ ఫీల్డ్ విషయంలో మాత్రం ఇంజిన్‌ని బట్టి మారుతుంది, అన్‌రియల్ ఇంజిన్‌లో అది మామూలుగా అప్‌స్కేలింగ్‌కి ముందే, తక్కువ రిజల్యూషన్‌లోనే అయిపోతుంది, కాబట్టి దాని ఖర్చు కూడా తగ్గుతుంది.

అన్‌రియల్ గేముల్లో ఇంకో తికమక ఉంది. కొన్నింట్లో మూడింటికీ విడివిడి స్విచ్‌లు ఉండవు, పోస్ట్ ప్రాసెసింగ్ అని ఒకే ఒక ఆప్షన్, లో నుంచి అల్ట్రా దాకా. దాన్ని లో చేస్తే బాగానే పెరుగుతుంది, అందరూ మోషన్ బ్లర్ మహిమ అనుకుంటారు. ఇంజిన్ ఇచ్చే మామూలు పట్టికలో ఆ ఒక్క మెట్టు కింద యాంబియంట్ అక్లూజన్ కూడా ఆగిపోతుంది, అంటే గోడ నేలకి ఆనే చోట, బల్ల కింద పడే సన్నటి నీడ. మిగిలిన మిల్లీసెకన్లలో దాని వాటా తక్కువేమీ కాదు, అది పోయాక వస్తువులన్నీ నేల మీద తేలుతున్నట్టు ఉంటాయి. ఆ ఆప్షన్‌ని హైలోనే ఉంచి, అక్కర్లేనివాటిని మాత్రమే ఆపాలంటే గేమ్ తాలూకు Engine.ini ఫైల్ చివర ఇవి రాసుకోవచ్చు:

```
[SystemSettings]
r.MotionBlurQuality=0
r.DepthOfFieldQuality=1
r.FilmGrain=0
```

ఆ ఫైల్ సాధారణంగా %LOCALAPPDATA% లోపల గేమ్ పేరున్న ఫోల్డర్‌లో, Saved\Config కింద దొరుకుతుంది. చివరి లైను అన్‌రియల్ 5 గేములకి. కొన్ని గేములు ఈ ఫైల్‌ని పట్టించుకోవు, మార్చింది చెరిపేసేవీ ఉన్నాయి, ఆన్‌లైన్ పోటీ గేముల్లో అయితే అసలు చేయి పెట్టకండి, చీటింగ్ అని పట్టుకునే సాఫ్ట్‌వేర్‌తో లేనిపోని టెన్షన్.

కొలిచే పద్ధతి కూడా చెప్పేస్తాను. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ లాంటిది ఏదో ఒకటి పెట్టుకుని ఫ్రేమ్ టైమ్, జీపీయూ వాడకం రెండూ తెర మీద కనిపించేలా చేయండి. వీ-సింక్, ఫ్రేమ్ లిమిట్ ఆపండి, లేకపోతే మిగిలిన సమయం ఖాళీగా కూర్చుంటుంది తప్ప అంకె మారదు. జీపీయూ వాడకం, అంటే గ్రాఫిక్స్ చిప్ పనిలో ఉన్న వంతు, 95 శాతం దాటి ఉంటేనే ఈ టెస్టుకి అర్థం. 60, 70 శాతం దగ్గర ఉంటే మీ ప్రాసెసర్ వెనకబడుతోందని అర్థం, అప్పుడు ఈ మూడూ ఆపినా ఒక్క ఫ్రేమ్ కూడా పెరగదు. "అన్నీ ఆపినా ఏం పెరగలా" అన్నవాళ్ళలో చాలామందిది ఇదే కథ. తర్వాత ఒకే సేవ్ ఫైల్, ఒకే చోటు, ఒకసారికి ఒక్క ఎఫెక్టే మార్చాలి. మోషన్ బ్లర్‌కి కెమెరా ఒకే వేగంతో తిప్పుతూ, డెప్త్ ఆఫ్ ఫీల్డ్‌కి గురిపెట్టి లేదా మాటల సీన్‌లో.

ఎండాకాలంలో ఒక జాగ్రత్త కూడా. మే నెలలో తిరుపతిలో 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం, ఏసీ లేని హాస్టల్ గదిలో, మంచం మీద పెట్టిన ల్యాప్‌టాప్ పదిహేను నిమిషాలకి వేడెక్కి తన వేగం తానే తగ్గించుకుంటుంది. చల్లగా ఉన్నప్పుడు ఎఫెక్ట్స్ ఆన్‌లో ఒకసారి, వేడెక్కాక ఆఫ్‌లో ఒకసారి కొలిస్తే, ఆపినందుకే ఎఫ్‌పీఎస్ తగ్గిందన్న వింత ఫలితం వస్తుంది. కాబట్టి ముందు పావుగంట ఆడించి, వేడి ఒకచోట నిలబడ్డాకే మొదలుపెట్టండి, ఆన్, ఆఫ్, మళ్ళీ ఆన్ అని మూడుసార్లు తిప్పి చూడండి. మొదటి ఆన్, చివరి ఆన్ అంకెలు కలవకపోతే మధ్యలో వచ్చిన తేడా ఎఫెక్ట్‌ది కాదు, వేడిది.